పడమటి కిటికీకి ఏ బట్ట?

తెల్ల చొక్కా మీద పప్పుచారు ఒలికితే మన ఇళ్లల్లో పెద్దవాళ్లు పెద్దగా కంగారుపడరు. సబ్బు పెట్టి రుద్దుతారు. మరక కాస్తా ఎర్రబడుతుంది. అయినా పట్టించుకోకుండా తీసుకెళ్లి మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరేస్తారు. సాయంత్రం తీసి చూస్తే మరక ఆనవాలు ఉండదు. సబ్బుకు లొంగని పసుపు ఎండకు లొంగిపోతుంది. పసుపుకు రంగునిచ్చే పదార్థం వెలుతురు తగిలితే విరిగిపోతుంది, విరిగిన ముక్కలకు రంగు ఉండదు.

కిటికీ కర్టెన్ వెలిసిపోవడం కూడా ఇదే వ్యవహారం. పసుపుకు ఒక పూట పడితే కర్టెన్ రంగుకు ఏడాదో ఐదేళ్లో పడుతుంది. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే కొట్లో సగం బట్టలను చేత్తో ముట్టుకోకుండానే పక్కన పెట్టేయవచ్చు.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. ‘రంగు గ్యారంటీ అండీ, పోతే తెచ్చి ఇచ్చేయండి’ అని కొట్టువాడు అన్నాడంటే, చాలావరకు అతను మాట్లాడేది ఉతుకుడు గురించి. బకెట్‌లో నానబెడితే రంగు దిగదని అతని భరోసా. ఆ మాట నిజమే కావచ్చు. కానీ నీళ్లలో దిగని రంగు ఎండలో నిలుస్తుందని ఏమీ లేదు. ఈ రెండూ వేరువేరు పరీక్షలు. మొదటిది నెగ్గి రెండోది తప్పే రంగులు బోలెడు. కర్టెన్‌కు రెండోదే ముఖ్యం. అది ఏడాదికి నాలుగుసార్లు నీళ్లలో పడుతుందేమో, ఎండలో మాత్రం రోజూ నిలబడుతుంది.

వెలుతురుకు రంగు ఎంతకాలం నిలుస్తుందో చెప్పడానికి బట్టల పరిశ్రమలో ఒక కొలత ఉంది. నీలిరంగు అద్దిన ఎనిమిది ఉన్ని పట్టీలు తీసుకుంటారు. మొదటిది చప్పున వెలిసిపోతుంది, ఎనిమిదోది చాలా మొండిది. ఒక్కో మెట్టు పైకి వెళ్లేకొద్దీ వెలవడానికి పట్టే సమయం సుమారు రెట్టింపు అవుతూ పోతుంది. పరీక్షించే బట్టను ఈ పట్టీలతో పాటు బలమైన దీపం కింద పెట్టి, అది ఏ పట్టీతో సమానంగా వెలిసిందో చూసి ఆ అంకె ఇస్తారు. మంచి కంపెనీల కేటలాగుల్లో నమూనా ముక్క వెనక చీటీ మీద ‘లైట్ ఫాస్ట్‌నెస్’ అని ఒక అంకె ఉంటుంది. ఎండ పడే కిటికీకి అది ఆరుకు తగ్గకూడదు. నీడపట్టున ఉండే గదికి నాలుగైనా గడిచిపోతుంది.

తానుల నుంచి కోసి అమ్మే బట్టకు ఈ చీటీ ఉండదు. అక్కడ అడగాల్సింది రంగు ఎలా ఎక్కించారని. నూలు బట్టల్లో చవక రంగులు తొందరగా పోతాయి. మామూలు రియాక్టివ్ రంగులు మధ్యస్థం. వ్యాట్ రంగులు అన్నింటికన్నా గట్టివి. 1901లో జర్మనీలోని బీఏఎస్ఎఫ్ కంపెనీలో రెనే బోన్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ జాతిలో ఒక కృత్రిమ నీలాన్ని తయారుచేశాడు. దానికి పెట్టిన ఇండాంత్రీన్ అనే పేరు తర్వాత గట్టి రంగులకు మారుపేరైపోయింది. కాస్త అటూ ఇటూగా అదే కాలంలో జేమ్స్ మోర్టన్ అనే స్కాట్లండ్ బట్టల వ్యాపారి తమ మిల్లులో నేసిన తెరల బట్ట లండన్ కొట్టు అద్దాల వెనక కొద్ది రోజులకే వెలిసిపోవడం కళ్లారా చూశాడు. లండన్ ఎండకే ఆ గతి! ఆయన ఇంటికెళ్లి దొరికిన ప్రతి రంగునూ ఎండలో పెట్టి పరీక్షించి, నిలిచిన రంగులతోనే సన్‌డోర్ అనే పేరుతో బట్టలు అమ్మాడు. అలాంటి పరీక్షే మన ఇంట్లోనూ చేసుకోవచ్చు, దాని సంగతి తర్వాత.

పాలిస్టర్‌లో ఇంకో సౌకర్యం ఉంది. దారం తీయకముందే, ముడి పదార్థం ద్రవంగా ఉన్నప్పుడే రంగు కలిపేస్తారు. దీన్ని డోప్ డైడ్ అంటారు. అద్దకం బట్ట వంకాయ లాంటిది, రంగంతా తోలు మీదే. డోప్ డైడ్ దారం బీట్‌రూట్, ఎక్కడ కోసినా లోపలిదాకా అదే రంగు. ఎండకు రంగు పోవడం కష్టం, ఉతికితే దిగడం అంతకన్నా కష్టం. కొట్లో చాలామందికి ఈ పేరు తెలియకపోవచ్చు గానీ బయటి వరండాలకు, గొడుగులకు వాడే బట్ట చూపించమంటే తెస్తారు.

ఇక్కడే మన కలంకారీ సంగతి చెప్పాలి. పెడన అద్దకం కర్టెన్లు పడమటి కిటికీకి వేసుకోవాలని చాలామందికి మోజు. సహజ రంగులతో చేసిన కలంకారీలో పసుపుపచ్చ అన్నింటికన్నా బలహీనం. పాత పద్ధతిలో ఆకుపచ్చ అంటే నీలిమందు మీద పసుపు పూసి తెచ్చిన రంగు. ఎండకు పసుపు ముందు పోతుంది, అడుగున ఉన్న నీలం మిగులుతుంది. మచిలీపట్నం నుంచి పూర్వం విదేశాలకు వెళ్లి ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్న బట్టల మీద ఆకులు నీలంగా కనిపించడానికి కారణం ఇదే. అలాంటి బట్టల దగ్గర మ్యూజియం వాళ్లు 50 లక్స్‌కు మించి వెలుతురు పడనివ్వరు. నేరుగా పడే ఎండలో అది లక్ష లక్స్ దాకా ఉంటుంది. కలంకారీ మీద ఇష్టం ఉంటే ఉత్తరపు కిటికీకి వేసుకోండి, లేదా గోడకు వేలాడదీయండి. పడమటి ఎండకు దాన్ని బలివ్వడం నా దృష్టిలో నేరం.

ఏ కిటికీకి ఎంత ఎండ అనేది కూడా చూసుకోవాలి. దక్షిణం కిటికీ అంటే భయపడతాం గానీ మన దగ్గర వేసవి మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నెత్తి మీద ఉంటాడు. కిటికీ మీది సన్‌షేడ్ ఆ ఎండను ఆపేస్తుంది. అక్కడ నిజంగా ఎండ పడేది మార్గశిర పుష్య మాసాల్లో, సూర్యుడు దక్షిణానికి వాలినప్పుడు. పడమర అలా కాదు. మూడు దాటాక ఎండ ఏటవాలుగా సన్‌షేడ్ కిందనుంచి దూరి గది మధ్యదాకా వస్తుంది, ఏడాది పొడుగునా. తూర్పుకూ అదే లెక్క, వేడి మాత్రం కాస్త తక్కువ.

రంగు పోవడం ఒక నష్టమైతే, దారం చివికిపోవడం రెండోది. ఇది పైకి కనిపించదు. కర్టెన్ బాగానే వేలాడుతూ ఉంటుంది. ఒకరోజు ఉతికి పిండితే మడతల వెంట నిలువునా చీలిపోతుంది. మెషీన్‌ను తిట్టుకుంటాం. అసలు పని అప్పటికే ఎండ చేసేసి ఉంటుంది. ఈ విషయంలో పట్టు అందరికన్నా నాజూకు, నైలాన్ కూడా పనికిరాదు. నూలు, నార మధ్యలో నిలుస్తాయి. పాలిస్టర్ అద్దం వెనక చాలా కాలం మన్నుతుంది.

‘అద్దం వెనక’ అనే మాటను కావాలనే వాడాను. పాలిస్టర్‌ను బాగా దెబ్బతీసే అతినీలలోహిత కిరణాలను మామూలు కిటికీ అద్దమే చాలావరకు ఆపేస్తుంది. రంగులను తినే మిగతా కిరణాలు, మామూలు వెలుతురు మాత్రం అద్దం దాటి వచ్చేస్తాయి. అందుకే మూసి ఉన్న అద్దం వెనక కూడా కర్టెన్ వెలుస్తుంది గానీ పాలిస్టర్ దారం అంతగా చివకదు. మన ఇళ్లల్లో కిటికీ రెక్కలు పగలంతా తెరిచే ఉంటాయి, మధ్యలో ఇనప గ్రిల్, దోమల మెష్ తప్ప ఏమీ ఉండదు. అలాంటి కిటికీకి అద్దం లెక్క వర్తించదు. తెరిచి ఉంచే బాల్కనీ తలుపులకైతే డోప్ డైడ్ అక్రిలిక్ బట్ట అన్నింటికన్నా మేలు, ధర ఎక్కువైనా సరే. ఏసీ గదిలో ఎప్పుడూ మూసి ఉండే కిటికీకి అంత ఖర్చు దండగ.

ఇక దుమ్ము. రోడ్డు పక్క ఇంట్లో వారం రోజులకే కర్టెన్ మడతల్లో వేలు పెడితే బూడిదరంగు అంటుకుంటుంది. దుమ్ము ఎక్కడ ఆగుతుందో బట్టను వేలికొనలతో నిమిరితే తెలిసిపోతుంది. వెల్వెట్ మీద, షెనీల్ మీద లేచి నిలబడ్డ నూగు ఉంటుంది. ఆ నూగు అడుగున చేరిన దుమ్ము దులిపితే రాదు. ముతకగా, గడ్డలు గడ్డలుగా కనిపించే దారంతో నేసిన బట్టలూ అంతే. నున్నటి, దగ్గర నేతగల బట్ట మీద దుమ్ము పైపైనే ఉంటుంది, రెండుసార్లు విదిలిస్తే రాలిపోతుంది. పాలిస్టర్‌కు ఒక చెడ్డ అలవాటు ఉంది. గాలి పొడిగా ఉన్న రోజుల్లో, ముఖ్యంగా తెలంగాణ వేసవిలో, రాపిడికి విద్యుదావేశం పుట్టి దుమ్మును తనవైపు లాక్కుంటుంది. చివరిసారి జాడించే నీళ్లలో బట్టలు మెత్తబరిచే ద్రవం కాస్త కలిపితే ఈ గొడవ తగ్గుతుంది. కోస్తాలో గాలి తేమగా ఉంటుంది కాబట్టి ఈ బాధ తక్కువ, అయితే అక్కడ దుమ్ము తడిసి అంటుకుపోతుంది. వంటగది పక్కనే హాలు ఉంటే తాలింపు ఆవిరిలోని నూనె కూడా దానికి తోడవుతుంది. అక్కడ నెలన్నరకోసారి ఉతకగలిగిన బట్ట తప్ప వేరేది వేయకూడదు.

బట్ట సాగడం గురించి కొట్లో ఎవరూ మాట్లాడరు. కొత్తగా వేసినప్పుడు నేలకు అంగుళం ఎత్తున ఉన్న కర్టెన్ ఆరు నెలలకు తుడిచిన నేల తడిని పీలుస్తూ ఉంటుంది, అదీ ఒక మూల మాత్రమే. దీనికి కారణాలు మూడు. దారం స్వభావం ఒకటి. రేయాన్, విస్కోస్ అనే పేర్లతో వచ్చే బట్ట చేతికి చల్లగా, పట్టులా జారుతూ ఉంటుంది, వేలాడదీస్తే సోకుగా పడుతుంది. కానీ తడిస్తే దాని బలం సగానికి సగం పడిపోతుంది, తన బరువుకు తానే సాగుతుంది. లినెన్ గాలిలో తేమ మారినప్పుడల్లా పొడవు మార్చుకుంటుంది. రెండో కారణం వదులు నేత. మూడోది కత్తెర తప్పు. బట్టలో నిలువుగా సాగే పడుగు దారం గట్టిది, అడ్డంగా వెళ్లే పేక దారం కాస్త సాగే గుణం ఉన్నది. అతుకులు తప్పుతాయని టైలర్ బట్టను అడ్డం తిప్పి కుడితే, బరువంతా పేక మీద పడుతుంది. కొంచెం ఏటవాలుగా కత్తిరించినా ఆ మూలే కిందికి దిగుతుంది. పేక దారం ఒకటి లాగితే బట్టలో సన్నటి గీత పడుతుంది. ఆ గీత వెంట కత్తిరించమని అడగాలి. అనుభవం ఉన్న టైలర్ విసుక్కోడు.

కొట్లోనే చేయగల చిన్న పరీక్షలు కొన్ని ఉన్నాయి. బట్టను రెండు బొటనవేళ్ల కింద అదిమి పక్కలకు లాగండి. దారాలు జరిగి సందు పడి, వదిలాక కూడా ఆ సందు పూడకపోతే అది కుట్టు దగ్గర విడిపోయే బట్ట. అదే చోట రెండు చేతుల మధ్య గట్టిగా నలపండి. తెల్లటి పొడి రాలితే దిట్టంగా కనిపించేదంతా గంజి మహిమే. మొదటి ఉతుకుకే జావకారిపోతుంది. నూలు అని చెప్పి రేయాన్ అంటగడుతున్నారేమో అని అనుమానం వస్తే అంచు నుంచి ఒక దారం పీకి, మధ్యలో నోటితో తడిపి లాగండి. నూలు తడిస్తే ఇంకాస్త గట్టిపడుతుంది, రేయాన్ సరిగ్గా తడిసిన చోటే పుటుక్కున తెగుతుంది.

ఇప్పుడు ఒక కిటికీ తీసుకుని లెక్క వేద్దాం. విజయవాడలో రెండో అంతస్తు ఫ్లాట్ అనుకోండి. హాల్లో పడమటి కిటికీ ఆరు అడుగుల వెడల్పు, జరిపే అద్దాలు, మధ్యాహ్నం ఏసీ వేస్తారు కాబట్టి మూసే ఉంటుంది. వెలుతురు పక్కలనుంచి దూరకుండా రాడ్ అటు ఆరు, ఇటు ఆరు అంగుళాలు ఎక్కువ పెడితే 84 అంగుళాలు. రాడ్ నుంచి నేలకు 90 అంగుళాలు. కింద ఒక అంగుళం వదిలితే కర్టెన్ పొడవు 89. పైన బక్రమ్ పెట్టి మడవడానికి 5, కింద నాలుగు అంగుళాల రెండు మడతలకు 8 కలిపితే 102 అంగుళాలు కోయాలి.

కర్టెన్ బట్ట పన్నా ఎక్కువగా 54 అంగుళాలు ఉంటుంది. మూడు పన్నాలు కలిపితే 162. పక్క మడతలు, అతుకులు పోగా 150 మిగులుతుంది. అది రాడ్ పొడవుకు రెట్టింపు కన్నా కొంచెం తక్కువ. ఐలెట్ రింగుల కర్టెన్‌కు అది చాలు. రెండు కర్టెన్లకు ఒక్కోదానికి పన్నా పన్నున్నర వస్తుంది, సగం ముక్కను గోడవైపు ఉండేలా అతికిస్తే అతుకు కంటికి ఆనదు. 102 అంగుళాల ముక్కలు మూడు అంటే 306 అంగుళాలు, ఎనిమిది మీటర్లు కొంటే సరి. అదే నూలు అయితే ఉతికితే నూటికి ఐదు వంతులదాకా కుంచించుకుపోవచ్చు కాబట్టి ఎనిమిదిన్నర మీటర్లు తీసుకుని, కత్తెర పెట్టకముందే ఒకసారి తడిపి ఆరేయాలి.

చదరపు మీటరుకు 250 గ్రాములు తూగే పాలిస్టర్ అయితే ఈ ఎనిమిది మీటర్లు రెండు కిలోల ముప్పావు దగ్గర తూగుతుంది. లైనింగ్‌తో కలిపి నాలుగు కిలోలు. ఏడడుగుల రాడ్‌కు మధ్యలో ఇంకో బ్రాకెట్ లేకపోతే ఆ బరువుకు రాడ్డే వంగుతుంది. అది చూసి బట్ట సాగిందని అనుకునేవాళ్లు ఎంతమందో!

ఈ కిటికీకి నా ఓటు దగ్గర నేత ఉన్న, మెరుపు లేని డోప్ డైడ్ పాలిస్టర్‌కే. రంగు ఇసుకరంగో, గోధుమరంగో, బూడిదరంగో ఉంటే మంచిది. ఒకే రంగును పలుచగా అద్దితే త్వరగా పోతుంది, ముదురుగా అద్దితే నిలుస్తుంది, కానీ ముదురు మెరూన్, నీలం కాస్త తగ్గినా చారలు చారలుగా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఇసుకరంగు తగ్గినా ఎవరికీ తెలియదు, పైగా దుమ్ము కూడా దాని మీద దాక్కుంటుంది. లినెన్ అందం నాకూ ఇష్టమే. కానీ ఈ కిటికీకి మాత్రం కాదు.

లైనింగ్ లేకుండా కుట్టించొద్దు. తెల్లటి మామూలు నూలు అస్తరు చాలు. ఎండ దెబ్బ ముందు అదే తింటుంది, కొన్నేళ్లకు అదే చివుకుతుంది. అందుకని దాన్ని కర్టెన్‌కు కలిపి కుట్టకుండా, పైన నాడాలతోనో అంటించే పట్టీతోనో విడిగా తగిలించేలా చేయించండి. చివికినప్పుడు లైనింగ్ ఒక్కటే మార్చుకోవచ్చు. రెండూ కలిపి కుడితే ఒకటి కుంచించుకుని ఇంకొకటి కుంచించుకోక కింది అంచు ముడతలు పడే బాధా ఉండదు. బ్లాకౌట్ బట్ట అని అమ్మే రబ్బరు పూత లైనింగ్ చీకటినిస్తుంది, నిజమే. అయితే నాసిరకం పూత పడమటి వేడికి కొన్నాళ్లకు పగిలి పొట్టు రాలుతుంది, ఒక్కోసారి మడతలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పడుకునే గదికి తప్పనిసరైతే మంచి రకమే కొనండి, హాలుకు అక్కర్లేదు.

మోర్టన్ పరీక్ష ఇంట్లో చేయడం తేలిక. కొట్లో అరచేయంత ముక్క అడిగి తెచ్చుకోండి. సగాన్ని అట్టముక్కతో, దాని మీద వంటింటి అల్యూమినియం రేకుతో కప్పి, ఆ పడమటి అద్దానికే లోపలివైపు టేపుతో అంటించండి. రెండు మూడు రకాలు పక్కపక్కనే పెడితే మంచిది. ఏప్రిల్‌లో పెట్టి నాలుగు వారాలయ్యాక తీసి, పగటి వెలుతురులో కప్పిన సగాన్నీ కప్పని సగాన్నీ పోల్చండి. గీత కనిపించిందంటే ఆ బట్ట ఆ కిటికీకి పనికిరాదు. గీత కనిపించకపోతే పదేళ్లు నిలుస్తుందని కాదు, అట్టడుగు రకం కాదని మాత్రమే.

కుట్టాక కింది మడతను వెంటనే పక్కాగా కుట్టేయనివ్వకండి. నూలు, లినెన్ అయితే టాకాలు మాత్రమే వేసి ఓ వారం రాడ్‌కు వేలాడదీయాలి. సాగాల్సిందేదో ఆ వారంలోనే చాలావరకు సాగుతుంది. తర్వాత నేల నుంచి కొలిచి అసలు కుట్టు వేయించాలి. పాలిస్టర్‌కు అంత అవసరం ఉండదు.

ఉతకడం చల్లటి నీళ్లలో, తక్కువ సబ్బుతో, గట్టిగా పిండకుండా చేయాలి. ఆరేయడం నీడలోనే. ఎండ నుంచి రంగు కాపాడాలని ఇంత చేసి, ఉతికాక మేడమీద రెండు రోజులు వదిలేసేవాళ్లున్నారు! అంతకన్నా తడి కాస్త వాడిందాకా నీడలో ఉంచి, మళ్లీ రాడ్‌కే తగిలిస్తే తన బరువుకే ముడతలు పోతాయి. రేయాన్‌కు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, తడిగా వేలాడదీస్తే సాగుతుంది. మళ్లీ తగిలించేటప్పుడు ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చండి. పగలు కర్టెన్ పక్కకు జరిపినప్పుడు అద్దం వైపు ఉండే మడతలకే ఎండంతా తగులుతుంది. చోటు మారిస్తే ఆ దెబ్బ ఒక్కచోటే పడదు. అలా మార్చేటప్పుడు లైనింగ్ అంచును రెండు వేళ్లతో పట్టి కొంచెం గట్టిగా లాగి చూడండి. పరపరమని శబ్దం వచ్చినా, చిన్న చిరుగు పడినా లైనింగ్ మార్చే వేళైంది.